థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి నాలుగు నెలలైంది, బరువు మూడున్నర కిలోల దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: నా వయసు 36. ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండేళ్లలో 63 కిలోల నుంచి 74 కిలోలకు పెరిగాను. విపరీతమైన అలసట వల్ల రోజూ సాయంత్రం చేసే అరగంట నడక కూడా అప్పుడే మానేశాను. నాలుగు నెలల క్రితం పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 38 వచ్చింది, ఫ్రీ టీ4 బాగా తక్కువగా ఉంది, యాంటీ టీపీఓ ఎక్కువగా ఉంది. డాక్టరుగారు 75 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. మొదటి రెండు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గాను. బిగుసుకుపోయిన ఉంగరం వదులైంది, ముఖం ఉబ్బు పోయింది, గొంతు బొంగురు తగ్గింది. కానీ జాకెట్లు మాత్రం ఇప్పటికీ పట్టడం లేదు, రెండు నెలలుగా బరువు 70.5 దగ్గరే ఉంది. ఈమధ్య చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ 6.8. ఉదయం లేవగానే మాత్ర వేసుకుని పది నిమిషాల్లో కాఫీ తాగుతాను. టిఫిన్ తర్వాత కాల్షియం మాత్ర, జుట్టు రాలుతోందని బయోటిన్ కూడా వాడుతున్నాను. రోజుకు రెండు మాత్రలు వేసుకుంటే బరువు త్వరగా దిగుతుందని, తాను అలాగే తగ్గానని మా తోటికోడలు అంటోంది. మావారేమో అదంతా తిండి వల్లేనంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

సమాధానం: అమ్మా, ఉంగరం వదులైంది గానీ జాకెట్లు పట్టడం లేదన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉంది. వేలు సన్నబడింది, నడుము సన్నబడలేదు. అంటే మీ ఒంట్లోంచి పోయింది ఒక రకం బరువు, మిగిలింది మరో రకం బరువు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తోటికోడలి మాటలో ఎంత పొరపాటు ఉందో, మీవారి మాటలో ఎంత అన్యాయం ఉందో రెండూ తెలుస్తాయి.

థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు చర్మం కింద, కండరాల మధ్య, స్వరపేటిక చుట్టూ జిగురులాంటి కొన్ని పదార్థాలు పేరుకుంటాయి. మామూలుగా శరీరం వీటిని తయారు చేస్తూ, పాతవాటిని విరగ్గొట్టి బయటకు పంపుతూ ఉంటుంది. హార్మోను లేనప్పుడు విరగ్గొట్టే పని మందగిస్తుంది. ఈ జిగురు పదార్థాలకు నీటిని పట్టి ఉంచే గుణం చాలా ఎక్కువ. అందువల్ల ముఖం ఉబ్బుతుంది, కనురెప్పలు బరువెక్కుతాయి, ఉంగరం బిగుసుకుంటుంది, గొంతు బొంగురుపోతుంది. గుండె జబ్బులోనో కిడ్నీ జబ్బులోనో వచ్చే వాపును వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, ఈ వాపు మాత్రం సాధారణంగా అలా సొట్ట పడదు. దానికి తోడు ఇలాంటప్పుడు మూత్రపిండాలు నీటినీ ఉప్పునూ బయటకు పంపడంలో వెనుకబడతాయి, పేగులు నెమ్మదిస్తాయి. హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోను తక్కువయ్యే ఈ జబ్బు, నేరుగా తెచ్చే బరువులో ఎక్కువ భాగం ఇదే. చాలామందిలో అది సుమారు రెండున్నర కిలోల నుంచి నాలుగున్నర కిలోల వరకు ఉంటుంది, జబ్బు బాగా ముదిరినవారిలో ఇంకొంచెం ఎక్కువ ఉండవచ్చు.

మాత్ర మొదలుపెట్టగానే ఆ జిగురు పదార్థాలు విరగడం మొదలై, అవి పట్టి ఉంచిన నీరు మూత్రంలో పోతుంది. మొదటి వారాల్లో తరచుగా మూత్రానికి వెళ్లాల్సి వచ్చిందా అని అడిగితే చాలామంది అవుననే అంటారు, మీకూ బహుశా గుర్తుండే ఉంటుంది. ఈ విషయాన్ని 2011లో డెన్మార్క్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనం కొలిచి చూపించింది. కొత్తగా హైపోథైరాయిడిజం బయటపడిన పన్నెండు మందికి చికిత్స ఇచ్చి, ఏడాది పాటు వారి శరీరంలో కొవ్వు ఎంత, కొవ్వు కానిది ఎంత అన్నది విడివిడిగా కొలిచారు. సగటున నాలుగు కిలోల పైచిలుకు బరువు తగ్గింది, కానీ కొవ్వు దాదాపు మారలేదు. తగ్గినదంతా దాదాపుగా నీరే. పన్నెండు మంది అంటే చిన్న సంఖ్యే, అయినా అది చెప్పిన మాట మేం క్లినిక్‌లో రోజూ చూసేదానితో సరిపోతుంది. మీ మూడున్నర కిలోలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి మందు పనిచేయడం లేదని అనుకోకండి. బరువు విషయంలో తాను చేయగలిగిన పనిలో ఎక్కువ భాగాన్ని అది మొదటి రెండు నెలల్లోనే చేసేసింది.

ఇక మిగిలింది ఏడున్నర కిలోలు. జాకెట్టు దగ్గర కనిపించేది అదే, అది కొవ్వు. అది ఎలా వచ్చిందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి దాగి ఉంటుంది. ఏడున్నర కిలోలకు 57,750 అవుతుంది. దాన్ని రెండేళ్లకు, అంటే 730 రోజులకు పంచితే రోజుకు 79 క్యాలరీలు వస్తాయి. ఒళ్లు పెరిగేకొద్దీ ఖర్చు కూడా మారుతుంది గనుక ఇది తూచినట్టు సరిపోయే లెక్క కాదు, కానీ స్థూలంగా చూడడానికి చాలు. రోజుకు 79 క్యాలరీలంటే పంచదార వేసిన ఒక కప్పు పాల కాఫీ, లేదా ఒక పుల్కా. దీన్నే ఖర్చు వైపు నుంచి చూస్తే, మీ బరువున్న మనిషి అరగంట మామూలు నడక నడిస్తే, అదే సమయం కూర్చుని ఉండేదానికంటే అదనంగా కరిగేది కూడా సుమారుగా అంతే. అంటే మీరు ఒక్క ముద్ద కూడా ఎక్కువ తినకుండానే, అలసట వల్ల మానేసిన ఆ అరగంట నడక ఒక్కటే రెండేళ్లలో ఈ బరువంతా తెచ్చి ఉండవచ్చు. దానికి తోడు హార్మోను తక్కువైనప్పుడు విశ్రాంతిలో ఉన్న శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. తిండి వల్లేనని మీవారు అనడం ఈ కారణంగానే సరికాదు. ఒళ్లు పనిచేయనివ్వని జబ్బు ఒకటి మీలో రెండేళ్లు ఎవరికీ తెలియకుండా ఉంది. ఈ పేరా వారికి చదివి వినిపించండి.

అయితే మిమ్మల్ని కాస్త బాధపెట్టే మాట కూడా ఒకటి చెప్పాలి. జబ్బు కారణంగా చేరిన కొవ్వు, జబ్బు తగ్గగానే దానంతట అది పోదు. హార్మోను సరిపడా అందితే ఖర్చు మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది, అంటే బరువు పెరగడం ఆగుతుంది. చేరిపోయిన నిల్వ కరగాలంటే మాత్రం ఎవరికైనా తిన్నదానికంటే ఖర్చు ఎక్కువ కావాల్సిందే. పైగా చికిత్సతో ఆకలి కూడా తిరిగి వస్తుంది, జబ్బులో ఉన్నప్పుడు సహించని అన్నం మళ్లీ రుచిస్తుంది. అందువల్ల కొందరికి మూడో నెలా నాలుగో నెలా వచ్చేసరికి ఒక కిలో వెనక్కి కూడా వస్తుంది. మీకు అలా కాలేదు, ఉన్నచోట నిలిచింది.

ఇప్పుడు టీఎస్‌హెచ్ 6.8 సంగతి. థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను ఇది, ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. చాలా ప్రయోగశాలలు సుమారు 0.4 నుంచి 4.5 వరకు మామూలుగా లెక్కిస్తాయి. 38 నుంచి 6.8కి రావడం చెప్పుకోదగ్గ మార్పే, కానీ గమ్యం ఇంకా రాలేదు. ఇక్కడ మోతాదు పెంచాలా వద్దా అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. మీరు మింగుతున్న 75 మైక్రోగ్రాములలో ఎంత మీ రక్తంలోకి చేరుతోంది?

మీ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ చాలా చిన్న మోతాదులో పనిచేసే మందు, అది పేగులో అందాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. కాఫీ దానిని కొంత అడ్డుకుంటుంది. మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. పది నిమిషాలు చాలవు. కాల్షియం, ఐరన్ అయితే ఇంకా గట్టిగా ఈ మందును పట్టుకుని పేగులోనే ఉంచేస్తాయి, అందుకే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం కావాలి. మీరు ఉదయం ఆరింటికి మాత్ర, ఆరూ పదికి కాఫీ, ఎనిమిదింటికి టిఫిన్, వెంటనే కాల్షియం వేసుకుంటున్నారనుకుంటే, సీసాలో 75 ఉన్నా మీ ఒంటికి అందేది అంతకంటే తక్కువే. ఎంత తక్కువో ఎవరూ చూసి చెప్పలేరు, రోజును బట్టి అది మారుతూ ఉంటుంది కూడా. ఆ ఊగిసలాటే అసలు ఇబ్బంది, ఎందుకంటే అలాంటి పరిస్థితిలో మోతాదు పెంచితే, మీరు కాఫీ మానేసిన నెలలో అది ఎక్కువైపోతుంది.

బయోటిన్ కథ వేరు. అది మందును అడ్డుకోదు, పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. కొన్ని ప్రయోగశాలల యంత్రాలు టీఎస్‌హెచ్‌ను కొలిచే పద్ధతిలో బయోటిన్‌నే ఒక భాగంగా వాడతాయి. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో బయోటిన్ మోతాదు, మన ఒంటికి రోజూ అవసరమైన దానికి వందల రెట్లు ఉంటుంది. అంత బయోటిన్ రక్తంలో ఉంటే అలాంటి యంత్రం టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగానూ, థైరాయిడ్ హార్మోను అయిన టీ4ను ఎక్కువగానూ చూపించవచ్చు. మీ 6.8 నిజానికి ఇంకా ఎక్కువ అయి ఉండే అవకాశం ఉంది. ఈసారి రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపండి. థైరాయిడ్ తక్కువైనందువల్ల రాలే జుట్టు, హార్మోను కుదుటపడ్డాక కొన్ని నెలలకు గానీ ఆగదు, దానికి బయోటిన్ చేసే సాయం చాలా తక్కువ. నన్నడిగితే దాన్ని పూర్తిగా మానేయమనే చెబుతాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది, మోతాదు మార్చకుండా మాత్ర వేసుకునే పద్ధతిని మార్చడం. ఉదయం లేవగానే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, గంట తర్వాత కాఫీ తాగి, కాల్షియాన్ని మధ్యాహ్న భోజనానికో రాత్రి భోజనానికో జరపడం ఒక మార్గం. బడికి వెళ్లే హడావిడిలో కాఫీ కోసం గంట ఆగడం కుదరదనుకుంటే, రాత్రి భోజనం ముగించిన మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు, అది కూడా ఉదయం వేసుకున్నంత బాగానే పనిచేస్తుంది. అప్పుడు కాల్షియం మధ్యాహ్నానికి వెళ్లాలి. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే ఇల్లయితే ఈ పద్ధతి నప్పదు. ఏది ఎంచుకున్నా రోజూ ఒకేలా ఉండాలి, మందు కంపెనీ కూడా తరచూ మారకూడదు, సీసా పొయ్యి పక్కన అరలో ఉండకూడదు. ఇలా చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మోతాదు పెంచకుండానే టీఎస్‌హెచ్ మామూలుకు దిగే అవకాశం ఉంది. ఈ దారిలో మీరు కోల్పోయేది ఆ రెండు నెలల సమయం మాత్రమే.

రెండోది, ఇప్పుడే మీ డాక్టరుగారితో మాట్లాడి 88కో 100కో పెంచుకోవడం. ఇది తప్పేమీ కాదు. థైరాయిడ్ గ్రంథి పూర్తిగా పనిచేయడం మానేసిన వారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి, మీ బరువుకు అది 110 దాటుతుంది. మీ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తూ ఉండవచ్చు గనుక అంత అవసరం రాకపోవచ్చు, కానీ యాంటీ టీపీఓ ఎక్కువగా ఉందంటే మీ రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రంథి మీద దాడి చేస్తోందని అర్థం, కాలం గడిచేకొద్దీ మోతాదు పెరిగే అవకాశమే ఎక్కువ. ఇందులో ఉన్న ఇబ్బంది నేను పైన చెప్పినదే, పద్ధతినీ మోతాదునూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మోతాదు కాస్త మించిపోవచ్చు కూడా. అలసట, చలి, మలబద్ధకం ఇంకా గట్టిగా ఉంటే నేను ఈ దారి వైపు మొగ్గుతాను, ఆ లక్షణాలు చాలావరకు తగ్గి ఉంటే మొదటి దారిలో రెండు నెలలు ఆగమంటాను. ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. మీరు గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, నెల తప్పినా అదే వారం డాక్టరును కలవాలి. గర్భంలో మోతాదు పావు నుంచి సగం వరకు పెరగాల్సి వస్తుంది, ఆ మార్పు మొదటి వారాల్లోనే జరగాలి.

మూడోది మీ తోటికోడలు చెప్పినది. ఆమె అబద్ధం చెప్పిందని నేననను. రోజుకు 75 బదులు 150 వేసుకుంటే బరువు కొంత దిగవచ్చు. కానీ అప్పుడు కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరుగుతుంది. మెట్లెక్కుతుంటే తొడల్లో బలం లేకపోవడం దాని గుర్తు. దానితోపాటు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం, చిరాకు వస్తాయి. ఆకలి రెట్టింపవుతుంది. ఎక్కువ కాలం అలా సాగితే గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది, ముఖ్యంగా వయసు పెరిగాక ఎముకలు పలచబడతాయి. మోతాదు మళ్లీ సరిచేసినప్పుడు పోయిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో అన్నిటికంటే పైన, పెట్టె గీసి మరీ రాసే హెచ్చరిక ఒకే ఒక్క విషయం గురించి. ఊబకాయం తగ్గించడానికి దీన్ని వాడకూడదు, పెద్ద మోతాదుల్లో వాడితే ప్రాణాపాయం కలగవచ్చు అన్నదే ఆ హెచ్చరిక. మీ తోటికోడలు ఇప్పటికీ అలా రెండు వేసుకుంటూ ఉంటే ఆమెను కూడా టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోమనండి. అది 0.1 కంటే కిందకు పడిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా మోతాదు తగ్గించాలి. ఉన్నట్టుండి మందు మొత్తం ఆపేయమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకూడదు.

పరీక్షను ఆరు వారాల కంటే ముందు చేయించవద్దని కోరతాను. ఈ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఒక వారం పడుతుంది, అందువల్ల పద్ధతిలోనో మోతాదులోనో చేసిన మార్పు స్థిరపడడానికి ఐదారు వారాలు కావాలి. ఆ పైన టీఎస్‌హెచ్‌ను తయారుచేసే పిట్యూటరీ గ్రంథి తన లెక్క సరిచేసుకోవాలి. మూడు వారాలకే ఆతృతగా చేయించిన పరీక్షను చూసి మోతాదు మార్చి, మళ్లీ మూడు వారాలకు మార్చి, ఏడాదంతా పైకీ కిందికీ ఊగినవారిని నేను చాలామందిని చూశాను. అన్నట్టు, ఒక రోజు మాత్ర మరిచిపోతే కంగారు పడకండి. గుర్తొచ్చినప్పుడు పరగడుపు సమయం చూసి వేసుకోవచ్చు, ఆ రోజు కుదరకపోతే మర్నాడు రెండు కలిపి వేసుకున్నా చాలామందికి ఇబ్బంది ఉండదు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం అలా చేయకూడదు. మరిచిపోయిన మాత్రకు బదులు ఎప్పుడో ఒక్కసారి వేసుకునే రెండూ, బరువు కోసం రోజూ వేసుకునే రెండూ ఒకటి కావని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకుంటాను.

మిగిలిన ఏడున్నర కిలోల విషయంలో కూడా మీకు ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. కొందరు ఇక్కడ అన్నం పూర్తిగా మానేసి, రెండు పూటలా పండ్లరసాలతో గడపడం మొదలుపెడతారు. మీకు మాత్రం ఇది ప్రత్యేకంగా నష్టం చేస్తుంది. మీ మాత్రలో ఉన్నది టీ4, దాన్ని శరీరం టీ3 అనే చురుకైన హార్మోనుగా మార్చుకుంటేనే అది పనిచేస్తుంది, మరీ తక్కువ తిన్నప్పుడు శరీరం కరవు వచ్చిందనుకుని ఆ మార్పిడిని తగ్గించుకుంటుంది. వారంలో రెండు కిలోలు పోయినట్టు కనిపించినా అందులో ఎక్కువ నీరే, అలసట మాత్రం తిరిగి వస్తుంది. దీనికంటే రోజుకు మూడు వందల క్యాలరీల చొప్పున తగ్గించుకునే దారి నెమ్మదైనా నిలబడుతుంది. పావుకిలో వండిన అన్నంలో సుమారు 325 క్యాలరీలుంటాయి. రెండు పూటలా అంత అన్నం తినేవారైతే, ప్రతి పూటా మూడో వంతు తీసేసి ఆ చోటును పప్పుతోనో, గుడ్డుతోనో, చేపతోనో, కూరగాయలతోనో నింపితే లెక్కలో రెండు వందల పైచిలుకు అన్నం వైపు నుంచి తగ్గుతుంది, దాని స్థానంలో వచ్చినది అందులో కొంత తిరిగి చేరుస్తుంది. కూరల్లో రోజుకు మీ వాటాకు పడే నూనెలో ఒక పెద్ద చెంచా తగ్గితే ఇంకో 120 పోతుంది. పాత అరగంట నడక తిరిగి వస్తే మరో 80 చేరుతుంది. ఇవన్నీ కలిసి మొదట్లో నెలకు ఒక కిలో ప్రాంతంలో తగ్గిస్తాయి, తర్వాత వేగం మందగిస్తుంది. కాబట్టి 63 కోసం ఏడాది పైగా సమయం పెట్టుకోండి, 66 లేదా 67 దగ్గర నిలిచినా మీ ఆరోగ్యానికి జరిగే మేలులో పెద్ద భాగం అప్పటికే అందుతుంది.

నడక ఈ వారమే మొదలుపెట్టవచ్చు. బరువులెత్తే వ్యాయామం, మోకాళ్లు వంచే గుంజీళ్ల వంటివి మాత్రం టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చాక నెమ్మదిగా మొదలుపెట్టండి. హార్మోను తక్కువగా ఉన్నప్పుడు కండరాలు త్వరగా నొప్పిపెడతాయి, పట్టేస్తాయి, కోలుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాయి. నాలుగు రోజులు చేసి ఒళ్లు నొప్పులతో మానేసి, నావల్ల కాదని తీర్మానించుకున్నవారిలో చాలామందికి అసలు ఇబ్బంది ఓపిక లేకపోవడం కాదు, సరిపడని మోతాదు. ఇక క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి, వండుకుని మామూలుగా తినే పాళ్లలో అవి మీకు ఏ హానీ చేయవు. సోయా మాత్రం మాత్ర వేసుకున్న వెంటనే తీసుకోవద్దు.

ఈ ఉత్తరం చదివే మరికొందరి కోసం ఒక మాట. మీకు టీఎస్‌హెచ్ మొదట్లోనే 38 ఉంది, టీ4 కూడా తగ్గింది, కాబట్టి మూడున్నర కిలోలు తగ్గడం సహజం. చాలామందికి టీఎస్‌హెచ్ ఆరో ఏడో ఉండి, టీ4 మామూలుగా ఉంటుంది. వారి ఒంట్లో మీలా నీరు చేరి ఉండదు గనుక మాత్ర వేసుకున్నా బరువులో చెప్పుకోదగ్గ మార్పు రాదు. పైగా ఊబకాయం ఉన్నవారిలో బరువు వల్లే టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, బరువు తగ్గాక దానంతట అదే దిగడం కూడా ఉంది. అలాంటివారు మాత్ర మొదలుపెట్టాలా వద్దా అన్నది వయసు, లక్షణాలు, కొలెస్ట్రాల్, గర్భం ఆలోచన వంటివి చూసి నిర్ణయించాలి, బరువు తగ్గుతుందన్న ఆశతో కాదు.

మీ విషయానికి వస్తే, టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చి మూడు నెలలైనా, తిండిలో పైన చెప్పిన మార్పు నిజంగా చేస్తున్నా, బరువు కదలకపోతేనో, ఇంకా పెరుగుతుంటేనో అప్పుడు థైరాయిడ్‌ను పక్కనపెట్టి మరోచోట వెతకాలి. నెలసరి క్రమం తప్పుతోందా, రాత్రుళ్లు గురక పెడుతూ ఊపిరాడక లేస్తున్నారా, స్టెరాయిడ్ వంటి మందులేమైనా వాడుతున్నారా అన్నవి అప్పుడు మీ డాక్టరుగారు అడగాల్సిన ప్రశ్నలు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి వంద దాటుతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా ఎనిమిది వారాల గడువు కోసం చూడకుండా వెంటనే వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే రేపు ఉదయం నుంచి మాత్రకూ కాఫీకీ మధ్య గంట పెట్టి, కాల్షియాన్ని భోజనానికి జరిపి, ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి. దానికి ఎనిమిది వారాల తర్వాత, బయోటిన్ లేకుండా, ఒకవేళ మాత్ర ఉదయం వేసుకుంటున్నట్లయితే ఆ రోజు ముందు రక్తం ఇచ్చి తర్వాత మాత్ర వేసుకుని, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చేయించండి. అదే ప్రయోగశాలలో చేయిస్తే పాత అంకెతో పోల్చడం తేలిక. ఆ రోజు బరువుతోపాటు నడుము కొలత కూడా టేపుతో తీసి రాసుకోండి, ఇకనుంచి మీ విషయంలో తూకం యంత్రం కంటే ముందు మార్పు చూపించేది ఆ టేపే.